బొమ్మ పోయాక దారిని మాటల్లో రాయడం: రావులపాలెం నుంచి పెళ్లింటి గుమ్మం దాకా

ప్రశ్న: మా ఊరు కోనసీమలో, కొత్తపేట దాటాక లోపలికి వెళ్లాలి. తమ్ముడి పెళ్లి ఇంటి దగ్గరే, రాత్రి ముహూర్తం. బాబాయి చేత్తో చక్కగా రూట్ మ్యాప్ గీసి ఇచ్చారు. ఫోన్ రీసెట్ చేసినప్పుడు ఆ ఫోటో పోయింది, కాగితం కూడా దొరకడం లేదు. బాబాయి ఇప్పుడు వేరే ఊళ్లో ఉన్నారు. హైదరాబాద్ నుంచి, వైజాగ్ నుంచి చుట్టాలు వస్తున్నారు. లొకేషన్ పెడితే పెద్దవాళ్లకి అర్థం కావడం లేదు, పైగా అది కాలువ అవతలి గట్టు మీదకి తీసుకెళ్తోంది. అదే దారిని మాటల్లో రాసి వాట్సాప్‌లో పంపాలంటే ఎలా రాయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

పెళ్లిళ్లకి, యాత్రలకి బస్సులు పంపే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. డ్రైవర్లకి దారి చెప్పడం నా రోజువారీ పని. మీ బాబాయిగారి బొమ్మని గుర్తు తెచ్చుకుని దాన్నే మాటల్లోకి మార్చాలని చూడకండి. బొమ్మ ఎలా ఉందో వర్ణించడం వేరు, దారి చెప్పడం వేరు. చేత్తో గీసిన మ్యాప్‌లో మెలికలు తిరిగే రోడ్డు కూడా తిన్నగా ఉంటుంది, ఏటవాలుగా చీలే రోడ్డు అడ్డంగా తిరిగినట్టు ఉంటుంది. గుర్తులు ఎక్కువగా ఉన్న చోట గీత పొడుగవుతుంది, ఏమీ లేని నాలుగు కిలోమీటర్లు అంగుళంలో అయిపోతుంది. బొమ్మ చూసేవాడు అదంతా సర్దుకుంటాడు, ఎందుకంటే మొత్తం దారి ఒకేసారి అతని కళ్ల ముందు ఉంటుంది. మాటలకి ఆ సౌకర్యం లేదు. "కొంచెం దూరం వెళ్లి ఎడమకి" అన్న వాక్యం చదివినవాడికి ఆ కొంచెం ఎంతో తెలియదు.

అందుకని బొమ్మని పక్కన పెట్టి రోడ్డు దగ్గర నుంచి మొదలుపెట్టండి. బాబాయిగారికి ఫోన్ చేసి "మ్యాప్‌లో ఏం గీశారు" అని అడగొద్దు. "బాబాయ్, ఇప్పుడు మీరు రావులపాలెం సెంటర్లో కారులో ఉన్నారు, కొత్తపేట వైపు చూస్తున్నారు. బండి కదిలింది. ఏం కనిపిస్తోంది? ఏ చేతి వైపు?" అని అడగండి. ఆయన చెప్పేది అలాగే రాసుకోండి, మధ్యలో సరిదిద్దకండి. అయిపోయాక అదే దారిని వెనక్కి చెప్పమనండి, ఇంటి గుమ్మం నుంచి రావులపాలెం దాకా. వెళ్లేటప్పుడు చెప్పని గుర్తులు ఈసారి రెండు మూడు బయటపడతాయి. రెండు చోట్లా వచ్చిన గుర్తులు గట్టివి. ఒకచోటే వచ్చినవి వెళ్లి చూసుకోవాల్సినవి. అలాగే పెళ్లికార్డు వేసిన ప్రెస్‌ని కూడా ఒకసారి అడగండి. కార్డు వెనక మ్యాప్ వేయడానికి ఫోటో పంపి ఉంటే వాళ్ల కంప్యూటర్లో ఇంకా ఉండొచ్చు.

తర్వాత మీరే బండి మీద ఒకసారి వెళ్లి రండి. రావులపాలెంలో కొత్తపేట రోడ్డు ఎక్కిన చోట మీటర్ చూసి రాసుకోండి, ప్రతి మలుపు దగ్గరా మళ్లీ చూడండి. చాలా బళ్ల మీటర్లలో చివరి అంకె వంద మీటర్లకోసారి మారుతుంది, మనకి అది చాలు. ఇంతవరకు కష్టమేమీ లేదు. అసలు కష్టం రాయడంలో ఉంది.

మొదట తేల్చుకోవాల్సింది ఎవరు ఎటు నుంచి వస్తున్నారన్నది. బొమ్మకి ఈ బాధ లేదు. ఒకే కాగితాన్ని ఎటు నుంచి వచ్చేవాళ్లయినా తిప్పి చూసుకుంటారు. మాటల్లో కుడి, ఎడమ వచ్చే దిక్కుని బట్టి తారుమారవుతాయి. మీ విషయంలో హైదరాబాద్ వాళ్లు విజయవాడ, ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా వచ్చి సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి వంతెన దాటి రావులపాలెం చేరతారు. వాళ్లకి కొత్తపేట రోడ్డు కుడి చేతి వైపు. వైజాగ్ వాళ్లు రాజమండ్రి బైపాస్ మీదుగా జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి అదే రావులపాలెం చేరతారు. వాళ్లకి అదే రోడ్డు ఎడమ చేతి వైపు. ఒకే మెసేజ్‌లో "రావులపాలెంలో కుడికి తిరగండి" అని రాస్తే వైజాగ్ వాళ్లు ఎదురు దిక్కుకి తిరుగుతారు. కాకినాడ నుంచి ఎవరైనా వస్తుంటే వాళ్ల సంగతి ఇంకా వేరు. యానాం, ముమ్మిడివరం మీదుగా అమలాపురం వచ్చి అటు నుంచి కొత్తపేట వైపు వస్తారు. అంటే అసలు రావులపాలెమే చూడరు, మీ ఊరి మలుపు వాళ్లకి కొత్తపేట కంటే ముందే వస్తుంది. కాబట్టి మీ ఊరి మలుపు దాకా మూడు వేర్వేరు మెసేజ్‌లు రాయండి, ఎవరి మెసేజ్ వాళ్లకే పంపండి. ఒకే మెసేజ్‌లో "హైదరాబాద్ వాళ్లయితే ఇలా, వైజాగ్ వాళ్లయితే అలా" అని కలిపితే, కదిలే కారులో చదివేవాళ్లు పక్క లైను చదివేస్తారు.

రెండోది, దాటి పోయామని ఎలా తెలుస్తుంది? మాటల్లో రాసే దారుల్లో ఎక్కువమంది వదిలేసేది ఇదే, మనుషులు గంటలకొద్దీ తిరిగేదీ దీనివల్లే. బొమ్మలో మలుపు తర్వాత రోడ్డు కూడా కొంచెం గీసి ఉంటుంది, "తణుకు వైపు" అని బాణం గుర్తు పెడతారు. బాణం వైపు వెళ్లిపోతున్నామని చూసినవాడికి తెలిసిపోతుంది. మాటల్లో మనం తిరగాల్సిన చోటే రాస్తాం, తిరగకపోతే ఏం కనిపిస్తుందో రాయం. మీ అదృష్టం కొద్దీ రావులపాలెం రెండు గోదావరి పాయల మధ్యలో ఉంది. ఎటు నుంచి వచ్చినా ఒక పెద్ద వంతెన దాటగానే అప్రమత్తం కావాలి, రెండో పెద్ద వంతెన ఎక్కితే దాటి పోయినట్టే. హైదరాబాద్ వాళ్లకి "జొన్నాడ వంతెన ఎక్కితే రావులపాలెం దాటేశారు, వంతెన దాటాక వీలున్న చోట వెనక్కి తిరగండి" అని రాయండి. వైజాగ్ వాళ్లకి అదే మాట సిద్ధాంతం వంతెన పేరుతో రాయండి. ఇంత గట్టి హద్దు గుర్తు అన్ని ఊళ్లకీ దొరకదు, వాడుకోండి. లోపలి రోడ్డు మీద మీ ఊరి మలుపుకి కూడా ఇలాంటిదే ఒకటి వెతకండి. సాధారణంగా తర్వాతి ఊరి పేరు బోర్డు పనికొస్తుంది.

మూడోది గుర్తుల ఎంపిక. బొమ్మలో చిన్న త్రిభుజం గీసి గుడి అంటే సరిపోతుంది, ఎందుకంటే అది ఏ మలుపు పక్కన ఉందో కంటికి కనిపిస్తుంది. మాటల్లో "గుడి దగ్గర ఎడమకి" అంటే దారిలో వచ్చే మొదటి గుడి దగ్గరే తిరుగుతారు. మీ ఊరికి ముందు ఎన్ని రామాలయాలు, ఎన్ని విగ్రహాలు వస్తాయో లెక్క చూడండి. అంబేద్కర్ విగ్రహం, గాంధీ విగ్రహం, ఎన్టీఆర్ విగ్రహం ప్రతి సెంటర్లో ఉంటాయి. కోనసీమలో "కొబ్బరితోట పక్కన" అన్నది గుర్తే కాదు. ఇంటి రంగు, కొట్టు పేరు, ఫ్లెక్సీ మారిపోతాయి. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు కాబట్టి "నీళ్లున్న కాలువ" అని రాసినా ఇబ్బందే, "కాలువ" అని చాలు.

పైగా మీది రాత్రి ముహూర్తం. బయటివాళ్లు చాలామంది చీకటి పడ్డాకే వస్తారు. పగలు అర కిలోమీటరు నుంచి కనిపించే వాటర్ ట్యాంక్ రాత్రి కనిపించదు. షట్టర్ వేసిన కిరాణా కొట్టు కనిపించినా బోర్డు చదవలేరు. అందుకే మీరు వెళ్లి చూసే పని ఒకసారి చీకటిలో కూడా చేయాలి. రాత్రి నిలబడే గుర్తులు వేరు: పెట్రోల్ బంకు, దీపాలున్న చర్చి లేదా గుడి గోపురం, ఎర్ర దీపం ఉన్న సెల్ టవర్, హెడ్‌లైట్ వెలుగులో మెరిసే ఊరి బోర్డు, వంతెన మీదకి ఎక్కుతుంటే బండికి తెలిసే ఎత్తు. ఈ చివరిది నాకు చాలా ఇష్టమైన గుర్తు. కళ్లు చూడకపోయినా కారు చెబుతుంది. స్పీడ్ బ్రేకర్లు, తారు రోడ్డు అయిపోయి సిమెంటు రోడ్డు మొదలవడం కూడా అలాంటివే.

లెక్కపెట్టమనడంలో కూడా జాగ్రత్త కావాలి. "మూడో ఎడమ" అని రాయకండి. పొలాల్లోకి వెళ్లే బాటని ఒకరు రోడ్డు అంటారు, ఇంకొకరు అనరు, ఇద్దరి లెక్కా వేరవుతుంది. ఎవరు చూసినా ఒకటే అనిపించే వాటినే లెక్కించమనండి. కాలువ మీద సిమెంటు వంతెనలు అలాంటివి. దూరం విషయానికొస్తే, కిలోమీటరు పైబడితే మీటర్ అంకె రాయండి, ముందు "దాదాపు" పెట్టండి. 200 మీటర్లు, 300 మీటర్లు అని రాస్తే కారులో ఉన్నవాళ్లు అంచనా వేయలేరు. దాని బదులు "తిరగగానే", "వంతెన దిగగానే", "బడి ప్రహరీ అయిపోయే చోట" అని రాయండి.

కాలువల ఊళ్లలో మీకు దొరికే ఇంకో మంచి విషయం ఉంది. రోడ్డు వెంట కాలువ నడుస్తుంటే అది ఏ చేతి వైపు ఉండాలో రాయండి. చదివేవాళ్లు ప్రతి నిమిషం సరిచూసుకోగలిగే ధైర్యం అది. మీ లొకేషన్ అవతలి గట్టు మీదకి తీసుకెళ్తోందన్నారు కదా, ఆ తప్పుని పట్టించేది ఈ ఒక్క వాక్యమే. ఎడమ చేతి వైపు ఉండాలని రాసిన కాలువ కుడి చేతి వైపు కనిపిస్తే తప్పు గట్టు మీద ఉన్నామని వాళ్లకే తెలుస్తుంది. లొకేషన్ మానేయమని నేను అనను, మాటలతో పాటు పంపండి. కానీ ఇంటి మీద కాకుండా మెయిన్ రోడ్డు మీద మలుపు దగ్గర నిలబడి పంపండి. అక్కడిదాకా ఫోన్ తీసుకొస్తుంది, అక్కడి నుంచి మీ మాటలు తీసుకొస్తాయి.

ఇప్పుడు ఒక మెసేజ్ రాసి చూపిస్తాను. చాలామంది రాసేది ఇలా ఉంటుంది: "రావులపాలెం దాటాక కొత్తపేట రోడ్డు, కాలువ వంతెన దగ్గర లెఫ్ట్, గుడి పక్క సందులో మూడో ఇల్లు." దారి తెలిసినవాళ్లకి ఇందులో ఏ తప్పూ కనిపించదు. తెలియనివాళ్లకి రావులపాలెం "దాటాక" అన్న మాటతోనే మొదటి పొరపాటు జరుగుతుంది, ఊరు దాటి రెండో వంతెన మీదకి వెళ్లిపోతారు. ఏ వంతెన, ఏ గుడి, సందులో ఏ వరస అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. మీ ఊరి లోపలి గుర్తులు నాకు తెలియవు కాబట్టి కొత్తపేట తర్వాతి భాగం ఊహించి రాస్తున్నాను, మీ గుర్తులు పెట్టుకోండి. ఇది హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లది:

"తణుకు దాటాక సిద్ధాంతం దగ్గర గోదావరి మీద పెద్ద వంతెన వస్తుంది. వంతెన దిగాక వచ్చే ఊరు రావులపాలెం. అక్కడ హైవే వదిలి కుడి చేతి వైపు కొత్తపేట, అమలాపురం రోడ్డు ఎక్కాలి. గోదావరి మీద ఇంకో పెద్ద వంతెన వస్తే రావులపాలెం దాటేశారు, వెనక్కి రండి.

ఈ రోడ్డు మీద కొత్తపేట దాకా ఎక్కడా తిరగొద్దు. కొత్తపేట సెంటర్ కూడా నేరుగా దాటండి. కాఫీ, టీ, పెట్రోల్ ఏవి కావాలన్నా ఇక్కడే చూసుకోండి, తర్వాత దొరకవు.

కొత్తపేట సెంటర్ నుంచి దాదాపు 3 కిలోమీటర్లకి కుడి చేతి వైపు మా ఊరి పేరుతో ఆర్చి ఉంటుంది, రాత్రి దీపాలు ఉంటాయి. ఆర్చి లోంచి కుడికి తిరగండి. ఆర్చి కనిపించకుండా తర్వాతి ఊరి బోర్డు వస్తే దాటేశారు.

తిరగగానే మీ ఎడమ చేతి వైపు కాలువ ఉంటుంది. అది మీతో పాటే వస్తుంది, ఎడమనే ఉండాలి. దారిలో కాలువ మీద మొదటి వంతెన వస్తుంది, అది ఎక్కొద్దు. రెండో వంతెన పక్కన సెల్ టవర్ ఉంటుంది. అక్కడ ఎడమకి తిరిగి వంతెన ఎక్కండి. 

వంతెన దిగగానే ఎదురుగా హైస్కూలు. కార్లు ఆ గ్రౌండ్‌లోనే పెట్టండి, ముందుకి సందు ఇరుకు. మా మనిషి అక్కడ ఉంటాడు."

ఇందులో ప్రతి పేరాకీ ఒకటే పని ఉంది, అది అయ్యాకే తర్వాతి పేరా. కారులో ఒకరు చదువుతారు, ఇంకొకరు నడుపుతారు. చదివేవాళ్లు ఒక పేరా చదివి ఆగగలగాలి. అందుకే "అంతకంటే ముందు చెప్పాల్సింది ఏంటంటే" అని వెనక్కి వెళ్లే వాక్యాలు ఉండకూడదు. చేయకూడనిది (మొదటి వంతెన ఎక్కొద్దు) చేయాల్సిన దానికంటే ముందు వచ్చింది, ఎందుకంటే రోడ్డు మీద కూడా అదే ముందు వస్తుంది. "ఎక్కడా తిరగొద్దు" అన్న వాక్యం కూడా అవసరమే. మలుపులు లేని దూరంలో ఏమీ రాయకపోతే ఏదో మర్చిపోయామేమో అని జనం కంగారు పడతారు, రోడ్డు చీలిన ప్రతి చోటా ఆపి ఫోన్ చేస్తారు.

అమలాపురం వైపు నుంచి వచ్చేవాళ్లకి ఇదే దారిలో ఆర్చి ఎడమ చేతి వైపు వస్తుంది, దాటి పోయిన గుర్తు కొత్తపేట సెంటర్. ఆర్చి లోపలికి వచ్చాక మాత్రం అందరికీ ఒకటే మెసేజ్ సరిపోతుంది, ఎందుకంటే అక్కడ అందరూ ఒకే వైపు చూస్తున్నారు. మెసేజ్‌లని ఆర్చి దగ్గర విడగొట్టుకుంటే మీ పని సగం తగ్గుతుంది.

హైస్కూలు నుంచి ఇంటి దాకా ఉన్న సందుల్ని మాటల్లో పూర్తిగా పట్టుకోవాలని చూడకండి. వంకర సందుల్లో "కొంచెం ఎడమ, మళ్లీ కొంచెం కుడి" అన్న మాటలకి అర్థం ఉండదు. ఇల్లు ఎక్కడుందో దస్తావేజుల్లో రాసినట్టు చుట్టూ ఉన్నవి చెప్పండి: ఎదురుగా పంచాయతీ ఆఫీసు, వెనక చెరువు, పక్కన పాలకేంద్రం. ఏ సందులోంచి వచ్చినా వీటిలో ఒకటి కనిపిస్తుంది. తూర్పు, పడమర మాత్రం వద్దు, రాత్రి బయటివాళ్లకి దిక్కు తెలియదు.

దాంతో పాటు ఊళ్లో ఎవరినైనా అడగాల్సి వస్తే ఏ పేరు అడగాలో రాయండి. కార్డు మీద పెళ్లికొడుకు పేరు ఉంటుంది, కానీ చదువుకి, ఉద్యోగానికి బయట ఉన్న కుర్రాడి పేరు ఊళ్లో సగం మందికి తెలియకపోవచ్చు. మీ తాతగారి పేరు, ఇంటిపేరు, ఆయన మాస్టారో కరణంగారో అయితే ఆ మాట రాయండి. "ఫలానా మాస్టారి ఇల్లు" అంటే చీకట్లో కూడా చెయ్యి చూపిస్తారు. రెండు ఫోన్ నంబర్లు ఇవ్వండి, పెళ్లిపందిట్లో ఉండేవాళ్లవి కాదు. మేళతాళాల చప్పుడులో వాళ్లకి ఫోన్ వినపడదు. హైస్కూలు దగ్గర ఉండే మనిషిది ఒకటి, ఇంట్లో ఖాళీగా ఉండే పెద్దవాళ్లది ఒకటి.

రాసేశాక పంపేముందు ఒక పరీక్ష తప్పకుండా పెట్టండి. మీ ఊరు ఎప్పుడూ రాని స్నేహితుడికి మెసేజ్ పంపి, "దీన్ని చదువుతూ కాగితం మీద దారి గీసి ఫోటో పంపు" అనండి. ఏమీ వివరించకండి, అతను ఫోన్ చేసి అడిగితే చెప్పకండి, ఏం అడిగాడో రాసుకోండి. అతని పెన్ను ఎక్కడ ఆగిందో అక్కడ మీ వాక్యం సరిపోలేదు. పై మెసేజ్‌ని చివరి పేరా లేకుండా ఇచ్చి చూస్తే చాలామంది రెండో వంతెన దగ్గర తడబడతారు: వంతెన ఎక్కాక కాలువ వెంటే వెళ్లాలా, ఎదురుగా వెళ్లాలా అని. అందుకే "వంతెన దిగగానే ఎదురుగా హైస్కూలు" అన్న మాట అక్కడ ఉంది. అతను గీసిన బొమ్మ మీ రోడ్డుతో కలిస్తే మెసేజ్ సిద్ధమైనట్టే. గీతల పొడుగులు కలవక్కర్లేదు. మలుపుల వరస, ఏ చేతి వైపు అన్నది, ఏ వంతెన ఎక్కాడన్నది కలిస్తే చాలు. ఆ బొమ్మ బాగా వస్తే మెసేజ్‌తో పాటు దాన్నే పంపొచ్చు, బాబాయిగారి మ్యాప్ లేని లోటు తీరుతుంది.

బస్సు పెడుతున్నట్టయితే ఇంకో మాట. కారు తిరిగిన కాలువ వంతెన మీద బస్సు తిరగకపోవచ్చు. వంతెన వెడల్పు కంటే వంతెన ముందు తిరిగే చోటు ముఖ్యం. గట్టు రోడ్డు మీద నుంచి వంతెన మీదకి పెద్ద బండి ఒక్క తిప్పులో తిరగలేదు, వెనక్కి తీయాలంటే వెనక కాలువ ఉంటుంది. పగటిపూట ఊళ్లోకి స్కూలు బస్సు వస్తుందేమో చూడండి. వస్తుంటే ఆ డ్రైవర్‌ని అడిగి అతని దారే రాయండి. రాకపోతే బస్సుని ఆర్చి దగ్గరే ఆపి, అక్కడి నుంచి ఆటోలు పెట్టండి, ఆ సంగతి బస్సు వాళ్ల మెసేజ్‌లో ముందే రాయండి.

మెసేజ్ పైన తేదీ వేయండి. పెళ్లికి రెండు రోజుల ముందు మళ్లీ ఒకసారి ఆ దారిలో వెళ్లి రండి. రోడ్డు తవ్వినా, ఆర్చి దీపాలు వెలగకపోయినా మార్చి రాసి, మొదటి లైనులో "పాత మెసేజ్ చూడొద్దు, ఇదే చూడండి" అని పెట్టి పంపండి. పాతది మీ దగ్గర డిలీట్ చేసినా, ఫార్వర్డ్ చేసిన గ్రూపుల్లో అలాగే ఉంటుంది.